పేరుకు ఖరీదు కట్టేదెలా?



ఇల్లు అమ్ముతున్నామంటే గజం ఎంత, గోడలు ఎంత, గుమ్మాలు టేకువా మద్దివా అని చూసి ఖరీదు కడతాం. బంగారానికి తూకం ఉంది. పొలానికి ఎకరం లెక్క ఉంది. మరి కేవలం ఒక పేరును అమ్ముతామంటే? చేత్తో పట్టుకోవడానికి లేదు, తూచడానికి లేదు, బీరువాలో పెట్టి తాళం వేయడానికీ లేదు. అటువంటి దానికి కోట్ల రూపాయలు పోసి కొంటున్నారంటే, కొనేవాళ్లు అమాయకులై మాత్రం కాదు. వాళ్ల దగ్గర ఒక లెక్క ఉంది. ఆ లెక్క మనం రోజూ ఇంట్లో వేసుకునే లెక్కలకు మరీ దూరమైనదేం కాదు. ఈవేళ దాన్ని గురించే చెప్పుకుందాం.

మన ఇళ్లల్లో ఎవరికైనా జ్వరం తగిలి తగ్గిందంటే చూడబోయేవాళ్లు ఉత్త చేతులతో వెళ్లరు. డజను బత్తాయిలో, హార్లిక్సు సీసానో పట్టుకుపోవడం మన అమ్మల నాటినుంచీ ఉన్న అలవాటే. మాల్టు, గోధుమపిండి, పాలపొడి కలిపిన పొడి మరొక కంపెనీవాళ్లు చెయ్యలేరా? చేస్తారు. చేస్తున్నారు కూడాను. అయినా షాపుకు వెళ్లి “మాల్టుపొడి ఇవ్వండి” అని అడిగేవాళ్లను నేను చూడలేదు. “హార్లిక్సు ఇవ్వండి” అనే అడుగుతారు. అలా అడగడం ఉందే, అదే మార్కా. దాన్నే ఇప్పుడు బ్రాండు అంటున్నారు. సీసా వేరు, సీసాలోని పొడి వేరు, పొడి చేసే ఫ్యాక్టరీ వేరు. ఈ మూడూ కాక నాలుగోది ఈ అడగడం.

ఈ నాలుగోదానికి విడిగా ఖరీదు కట్టిన సందర్భం మన దేశంలోనే ఉంది. 2018 డిసెంబరులో హిందుస్థాన్ యూనిలీవర్ కంపెనీ, గ్లాక్సోస్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ అనే భారతీయ కంపెనీని తనలో కలుపుకుంటున్నట్టు ప్రకటించింది. మన రాజమండ్రి పక్కనున్న ధవళేశ్వరంలో హార్లిక్సు ఫ్యాక్టరీ ఉందని గోదావరి జిల్లాలవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ ఫ్యాక్టరీ నడిపిన కంపెనీ అదే. మొత్తం కంపెనీకి అప్పుడు కట్టిన విలువ 31,700 కోట్ల రూపాయలు. 2020 ఏప్రిల్ 1న ఆ కలయిక పూర్తయింది. ఫ్యాక్టరీలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, దుకాణాలకు సరుకు అందించే ఏర్పాట్లు వచ్చాయి. బూస్టు, మాల్టోవా, వీవా అనే పేర్లు కూడా కంపెనీతోపాటు వచ్చేశాయి, ఎందుకంటే ఆ పేర్లు ఆ భారతీయ కంపెనీ సొంతం.

కానీ హార్లిక్సు పేరు రాలేదు! ఆ పేరు భారతీయ కంపెనీది కాదు. ఇంగ్లండులో ఉన్న మాతృసంస్థది. కంపెనీ అంతా కొన్నాక కూడా ఆ పేరును మన దేశంలో సొంతం చేసుకోవడానికి హిందుస్థాన్ యూనిలీవర్ విడిగా 3,045 కోట్ల రూపాయలు చెల్లించింది. ఒక్క ఇటుక రాలేదు, ఒక్క యంత్రం రాలేదు, ఒక్క గోధుమగింజ రాలేదు. వచ్చింది పేరు మీద హక్కు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 31,700లో 3,045 అంటే పదోవంతు కదా, హార్లిక్సు పేరు విలువ వ్యాపారంలో పదోవంతేనన్నమాట అని తేల్చేయకూడదు. మొదటి మొత్తం, ఆ పేరుతో అప్పటికే ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్న కంపెనీకి కట్టినది. రెండోది ఆ పేరు అసలు యజమానికి ఇచ్చినది. ఇంట్లో చాలాకాలంగా అద్దెకున్నవాళ్ల దగ్గర దుకాణాన్ని కొనడం ఒకటి, ఇంటి ఓనరు దగ్గర ఇల్లు కొనడం మరొకటి. ఈ అద్దె మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. పేరుకు ఖరీదు కట్టే కిటుకంతా అందులోనే ఉంది.

అసలు ఖరీదు ఎందుకు కట్టాలి? పేరు ఉంటే ఉంది, దాని మానాన అది పనిచేస్తుంది కదా అనిపించవచ్చు. నిజమే, వ్యాపారం ఒకే చేతిలో సాగుతున్నంతకాలం ఆ అవసరం రాదు. చేతులు మారేటప్పుడే వస్తుంది. కొనేవాడు ఎంత ఇవ్వాలో తెలుసుకోవాలి. వాటా పెట్టేవాడు తన డబ్బుకు వెనకాల ఏముందో చూసుకోవాలి. అప్పిచ్చే బ్యాంకు తాకట్టు ఏమిటో అడుగుతుంది. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు దుకాణం బోర్డు ఎవరిదో తేలాలి.

ఈ అవసరం ఇంకా ముదరడానికి కారణం లెక్కల పద్ధతి. ఒక కంపెనీ నలభై ఏళ్లు కష్టపడి తన పేరును తానే పెంచుకుందనుకోండి. దాని ఆస్తి అప్పుల పట్టీలో ఆ పేరు ఎదుట ఒక్క రూపాయి కూడా రాయనివ్వరు. ప్రకటనలకు పెట్టిన ఖర్చంతా ఆయా సంవత్సరపు ఖర్చుగా పోతుంది. అదే పేరును ఇంకొకరు కొంటే మాత్రం, కొన్న ఖరీదుకు వాళ్ల పట్టీలో ఆస్తిగా ఎక్కుతుంది. పెంచిన తల్లి లెక్కలో సున్నా, కొనుక్కుపోయినవారి లెక్కలో కోట్లు! మన దేశపు అకౌంటింగు ప్రమాణాలు కూడా ఇదే చెబుతున్నాయి. ఇందులో అన్యాయమేమీ లేదు. సొంతంగా పెంచుకున్నదానికి ఎవరికి తోచిన విలువ వాళ్లు రాసుకుంటే పట్టీలకు విశ్వాసం పోతుంది. కొన్నదానికైతే ఇచ్చిన డబ్బే సాక్ష్యం. అయితే దీనివల్ల ఒక చిక్కుంది. పట్టీ ఒక్కటే చూసేవాడికి మంచి పేరున్న కంపెనీ చౌకగా కనిపిస్తుంది.

ఈ చిక్కు ఇంగ్లండులో 1988లో బాగా బయటపడింది. ఆ ఏడు స్విట్జర్లండుకు చెందిన నెస్లే కంపెనీ, కిట్‌కాట్ చాక్లెట్లు చేసే రౌన్‌ట్రీ కంపెనీని 250 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి కొన్నది. బేరం మొదలుకాక ముందు షేరు ధర ఎంతో, దానికి రెట్టింపుకు మించి ఇచ్చింది. యంత్రాల కోసమా? కాదు, కిట్‌కాట్ వంటి పేర్ల కోసం. అదే రోజుల్లో హోవిస్ రొట్టెలు, బిస్టో గ్రేవీపొడి అమ్మే ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ అనే కంపెనీ మీద ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి కన్నువేసింది. వీళ్లు ఏంచేశారంటే, తమ పేర్లన్నిటికీ నిపుణులచేత విలువ కట్టించి 67 కోట్ల 80 లక్షల పౌండ్లని పట్టీలో చూపించారు. “మా దగ్గర ఇంత ఉంది, చౌకబేరం ఆడకండి” అని వాటాదార్లకు తెలియజెప్పడమే ఉద్దేశం. పేర్లకు విలువ కట్టడం ఒక వృత్తిగా నిలదొక్కుకున్నది ఇంచుమించు అప్పటినుంచే. ఆ తర్వాత 2010లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ పనికంటూ ఒక ప్రమాణాన్ని కూడా వెలువరించింది.

ఆ ప్రమాణం మూడు దారులు చెబుతుంది. మొదటిది, ఆ పేరును తయారుచేయడానికి ఎంత ఖర్చయిందో చూడడం. రెండోది, అటువంటి పేరు ఇంకొకటి ఎంతకు అమ్ముడుపోయిందో చూడడం. మూడోది, ఆ పేరువల్ల రాబోయే కాలంలో ఎంత రాబడి వస్తుందో చూడడం.

మొదటి దారి తేలికే కాని గమ్యం చేర్చదు. పిల్లవాడి చదువుకు ఎంత ఖర్చుపెట్టారన్నదాన్ని బట్టి వాడి జీతం నిర్ణయమవుతుందా? కోట్లు పోసి ప్రకటనలిచ్చినా జనం నోట పలకని పేర్లున్నాయి. ఒక్క ప్రకటనైనా లేకుండా ఊరంతా ఎరిగిన మిఠాయి కొట్లున్నాయి. రెండో దారి మంచిదే, కాని పక్కింటి ధర చూసి మనింటి ధర చెప్పినంత సులువు కాదు. ఒక పేరులాంటి పేరు మరొకటి ఉండదు. ఉన్నా, ఎంతకు అమ్మారో సాధారణంగా బయటికి రాదు. అందుచేత నిపుణులు ఎక్కువగా నడిచేది మూడో దారిలోనే. అందులోనూ బాగా వాడుకలో ఉన్న పద్ధతి అద్దె లెక్క.

అద్దె లెక్క అంటే ఏమిటో ముందు ఇంటితోనే చూద్దాం. మీకొక చిన్న ఇల్లుంది. నెలకు 10,000 చొప్పున ఏడాదికి 1,20,000 అద్దె వస్తోంది. అదే డబ్బు మరోచోట పెడితే నూటికి 8 వస్తుందనుకుంటే, ఏడాదికి 1,20,000 రావాలంటే ఎంత పెట్టాలి? 15 లక్షలు. అంటే అద్దెను బట్టి చూస్తే ఇంటి ఖరీదు 15 లక్షలన్నమాట. అద్దె ఎప్పుడూ ఒక్కచోటే ఆగిపోక, ఏటేటా నూటికి 3 చొప్పున పెరుగుతుందనే నమ్మకముంటే, 8లో నుంచి ఆ 3 తీసేసి 5తో లెక్క వేస్తారు. అప్పుడు అదే ఇల్లు 24 లక్షలవుతుంది. అద్దె పెరుగుతుందన్న ఒక్క ఆశ ఖరీదును ఎంత పైకి లేపిందో చూశారు కదా! ఈ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

పేరుకూ ఇదే లెక్క. ఈ పేరు మనది కాకపోతే, దీన్ని వాడుకోవడానికి అసలు యజమానికి ఏటా ఎంత అద్దె కట్టవలసి వచ్చేది? దీన్ని రాయల్టీ అంటారు. పేరు మన సొంతమైతే ఆ రాయల్టీ మనకు మిగిలినట్టే. ఏటేటా మిగిలే ఆ డబ్బును ఈనాటి విలువకు తెస్తే, అదే పేరు ఖరీదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇది కేవలం లెక్క కోసం అనుకున్నది. ఒక ఊళ్లో ఇద్దరు తోడికోడళ్లు కలిసి పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నారు. పదిహేనేళ్లుగా ఒకే లేబులు. ఏడాదికి కోటి రూపాయల అమ్మకం. చిన్నకోడలు భర్తకు వేరే రాష్ట్రానికి బదిలీ అయి, తన సగం వాటా తీసుకుని వెళ్లాలనుకుంది. పెద్దకోడలు రోటి మిషన్లు, జాడీలు, ప్యాకింగు యంత్రం అన్నీ లెక్కవేయించింది. 12 లక్షలు తేలింది. “ఇదిగో చెల్లీ, నీ సగం 6 లక్షలు” అంది. చిన్నకోడలు “అక్కా, మరి మన లేబులు మాటేమిటి?” అంది. “లేబులుకేముందే, కాగితం ముక్క!” అంది పెద్దావిడ. ఇద్దరిలో ఎవరిది సబబు?

లెక్క మొదటి మెట్టు, ఆ పేరుతో ఎంత అమ్మకం జరుగుతోందో తేల్చడం. వాళ్లు మరొకరికి లేబులు లేకుండా చేసిపెట్టే సరుకుంటే దాన్ని ఇందులో కలపకూడదు. మన ఉదాహరణలో కోటి రూపాయలూ ఆ లేబులుతోనే అనుకుందాం.

రెండో మెట్టు, నూటికి ఎంత రాయల్టీ అన్నది. అన్నిటిలోకీ కష్టమైన మెట్టు ఇదే. ఇటువంటి సరుకులో పేరును అద్దెకిచ్చిన ఒప్పందాలు ఏమైనా ఉంటే చూస్తారు. తర్వాత, వ్యాపారం ఆ అద్దెను మోయగలదా అని చూస్తారు. వీళ్లకు ఖర్చులన్నీ, తమ శ్రమకు తగిన జీతాలూ పోను, పన్నుకు ముందు నూటికి 14 రూపాయలు మిగులుతున్నాయి. అందులో 10 పేరుకే ఇచ్చేస్తే మిగతా పెట్టుబడికీ, పడే కష్టనష్టాలకూ ఏం మిగులుతుంది? లాభంలో పావు నుంచి మూడో వంతు దాకా పేరుకు పోవచ్చునని ఒక మోటు లెక్క ఉంది. అది నియమం కాదు, సరిచూసుకునే గీత మాత్రమే. దాని ప్రకారం 14లో 4 అనుకుందాం. కోటికి నూటికి 4 చొప్పున ఏడాదికి 4 లక్షలు.

దీన్ని మరొక వైపునుంచి కూడా సరిచూడవచ్చు. వాళ్ల ఆవకాయ కిలో 400 రూపాయలకు పోతోంది. అదే చేతి ఆవకాయ, అదే నూనె, అదే కారం, లేబులు లేకుండా కొట్టువాడికి పోస్తే 370 ఇస్తాడు. అంటే పేరువల్ల కిలోకు 30 రూపాయలు ఎక్కువ వస్తోంది. కాని ఆ 30 అంతా మిగులు కాదు. మంచి సీసా, లేబులు అచ్చు, ప్రకటన, పాడైతే వెనక్కు తీసుకునే పూచీ, వీటన్నిటికీ 14 పోతోంది. మిగిలేది 16. 400కు 16 అంటే నూటికి 4 అయింది కదూ! రెండు వైపులనుంచీ వచ్చి ఒకచోట కలిస్తే లెక్క మీద కాస్త నమ్మకం కుదురుతుంది. ఒకవైపు 4, రెండోవైపు 9 వచ్చాయంటే ఎక్కడో పొరపాటు జరిగిందని తెలుసుకోవాలి.

మూడో మెట్టు, పన్ను తీసివేయడం. నూటికి 25 అనుకుంటే 4 లక్షల్లో 3 లక్షలు మిగులుతాయి.

నాలుగో మెట్టు, ఈ ఏటేటా వచ్చే 3 లక్షలను ఈనాటి ఖరీదుకు తేవడం. ఇంటి విషయంలో నూటికి 8తో వేశాం. పచ్చళ్ల వ్యాపారానికి 8 చాలదు. ఇల్లు కదలదు. పచ్చడి ఒక్క ఏడు బూజు పట్టిందంటే పేరు పోతుంది. కష్టం ఎక్కువైన కొద్దీ ఎక్కువ రాబడి కోరుకుంటాం. కనుక 16 అనుకుందాం. అమ్మకం ఏటా 6 చొప్పున పెరుగుతుందనుకుందాం. 16లో 6 పోతే 10. ఏటా 3 లక్షలు తెచ్చిపెట్టే ఆస్తి, నూటికి 10 లెక్కన, 30 లక్షలు.

“కాగితం ముక్క” అన్నది 30 లక్షలు తేలింది! యంత్రాలకు రెండున్నర రెట్లు. చిన్నకోడలు 6 లక్షలు పుచ్చుకుని సంతకం పెట్టి ఉంటే, పేరు మీద వచ్చే తన 15 లక్షలు వదులుకున్నట్టే. కొనే కంపెనీ అయినా, వాటా పెట్టేవాడైనా, ఇంట్లో పంపకమైనా లెక్క ఇదే. అంకెల వెనకాల సున్నాలు పెరుగుతాయి, అంతే తేడా.

అయితే పెద్దకోడలి పక్షాన కూడా ఒక మాట ఉంది. అది వినకుండా తీర్పు చెప్పకూడదు. “జనం కొనేది లేబులు చూసి కాదు, నా చేతి పాళం చూసి” అని ఆవిడ అనవచ్చు. ఇది తేలిగ్గా తీసివేయవలసిన మాట కాదు. విలువ కట్టేవాళ్లు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే. రేపు ఆవిడ మానేసి, వేరే ఎవరో అదే కొలతలతో చేసి అదే లేబులు అతికిస్తే అమ్మకం నిలుస్తుందా? నిలిస్తే విలువ పేరుదే. నిలవకపోతే విలువ చేతిది. చేతిని అమ్మలేం. పాళం కాగితం మీద రాసి ఉండి, పనివాళ్లకు నేర్పి ఉంటే అది వేరే ఆస్తి, దానికి వేరే లెక్క. అలాగే ఒకే ఒక్క పెద్ద షాపువాడు కొంటున్నందువల్ల అమ్మకం సాగుతుంటే, ఆ విలువ షాపుతో ఉన్న సంబంధానిది. ఇవన్నీ ఒక్కొక్కటిగా విలువ కట్టి, చివరకు కలిపి చూసుకోవాలి. కలిపిన మొత్తం వ్యాపారం మొత్తం విలువను మించిందంటే, ఒకే రూపాయిని రెండుచోట్ల లెక్కపెట్టారన్నమాట.

హార్లిక్సు కథలోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఆ బేరం సమయంలో ఈనో, క్రోసిన్, సెన్సోడైన్ వంటి సరుకులను దుకాణాలకు చేర్చే పని కూడా హిందుస్థాన్ యూనిలీవర్‌కు కొన్నేళ్లపాటు వచ్చింది. కాని ఆ పేర్లు రాలేదు. అమ్మిపెట్టడం వేరు, పేరు సొంతమవడం వేరు. అమ్మిపెట్టినవాడికి కమీషను వస్తుంది, గడువు తీరితే పని పోతుంది. పేరు ఉన్నవాడికి అద్దె వస్తుంది.

ఇక ఈ లెక్కలు ఎంతవరకు నమ్మవచ్చు? తోడికోడళ్ల లెక్కనే మళ్లీ పట్టుకోండి. రాయల్టీ 4 కాదు, 3 అన్నాడు ఒకాయన. అమ్మకం పెరుగుదల 6 కాదు, 4 అన్నాడు. రెండూ సబబైన అంకెల్లాగే కనిపిస్తాయి. కాని అప్పుడు పన్ను పోగా మిగిలేది 2,25,000. 16లో 4 పోతే 12. పేరు ఖరీదు 18,75,000కు దిగింది. మరొకాయన ఆశావాది. రాయల్టీ 5, పెరుగుదల 8 అన్నాడు. మిగులు 3,75,000, నూటికి 8 లెక్కన దాదాపు 47 లక్షలైంది. అదే లేబులు, అవే పచ్చళ్లు! ఒకరికి 19 లక్షలు, ఒకరికి 47. కనుక ఎవరైనా పేరుకు ఒకే ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే, “రాయల్టీ ఎంత వేశారు, పెరుగుదల ఎంత అనుకున్నారు, ఎంత రాబడి రేటుతో వెనక్కు తెచ్చారు” అని మూడు ప్రశ్నలు అడగాలి. వీటికి జవాబు లేకుండా చెప్పిన అంకె ఉత్త మాటే.

ఇది చిన్న వ్యాపారాల సంగతే అనుకోకండి. ఏటా ప్రపంచంలోని పెద్ద బ్రాండ్ల విలువలు ప్రకటించే సంస్థలు కొన్ని ఉన్నాయి. 2023లో యాపిల్ కంపెనీ పేరుకు ఒక సంస్థ దాదాపు 30,000 కోట్ల డాలర్లని, మరొకటి దాదాపు 50,000 కోట్ల డాలర్లని, ఇంకొకటి 88,000 కోట్ల డాలర్లని చెప్పాయి. పేరు ఒక్కటే, ఏడు ఒక్కటే. ఒక్కొక్కరి పద్ధతి ఒక్కొక్కటి. పత్రికల్లో వచ్చే ఆ జాబితాలు చదువుకోవడానికి బాగుంటాయి. వాటిని బట్టి ఎవరూ చెక్కు రాయరు.

అంకె మీద గుడ్డిగా నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కింగ్‌ఫిషర్ విమానాల కథ చాలు. ఆ విమాన కంపెనీ పేరుకు ఒకప్పుడు 4,000 కోట్లకు పైగా విలువ కట్టారు. ఆ పేరు, ఆ గుర్తులు బ్యాంకులకు తాకట్టుగా వెళ్లాయి. 2012 అక్టోబరులో విమానాలు ఎగరడం మానేశాయి. జీతాలు అందని ఉద్యోగులు, టిక్కెట్టు డబ్బు పోగొట్టుకున్న ప్రయాణీకులు, రాని బాకీలతో బ్యాంకులు మిగిలారు. 2016 ఏప్రిల్‌లో బ్యాంకులు ఆ పేరునూ గుర్తులనూ వేలానికి పెట్టాయి. కనీస ధర 366 కోట్ల 70 లక్షలు. ఒక్కరంటే ఒక్కరు పాట పాడలేదు.

4,000 కోట్లు ఎక్కడికి పోయాయి? అద్దె లెక్కను గుర్తుతెచ్చుకుంటే జవాబు దానంతటదే దొరుకుతుంది. పేరుకు అద్దె వచ్చేది దాని మీద జరిగే అమ్మకంనుంచి. విమానం ఎగరకపోతే టిక్కెట్టు లేదు, టిక్కెట్టు లేకపోతే అమ్మకం లేదు, అమ్మకం సున్నా అయితే నూటికి ఎంత వేసినా సున్నాయే. పోనీ, కొన్నవాడు ఆ పేరుతో మరేదైనా చేసుకుందామంటే, బీరు మీద ఆ పేరు వేరే కంపెనీది. పైపెచ్చు ఆ పేరు వినగానే జనానికి బాకీలు గుర్తుకొస్తున్నాయి. బంగారం తాకట్టుపెట్టిన మనిషి దివాలా తీసినా బంగారం బంగారమే. పేరు అలా కాదు. వ్యాపారం చచ్చిననాడు, తాకట్టు అవసరమయ్యే ఆ రోజునే, పేరు కూడా చచ్చిపోతుంది. పేరును తాకట్టుగా పెట్టుకోవడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే.

వ్యాపారం చక్కగా నడుస్తున్నప్పుడు కూడా పేరుకు దెబ్బ తగలవచ్చు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పానీయాలను ఆన్‌లైన్ అంగళ్లు “ఆరోగ్య పానీయాలు” అనే వరసలో చూపరాదని చెప్పింది. చట్టంలో ఆ పేరుతో ఒక వర్గమే లేదన్నది కారణం. హిందుస్థాన్ యూనిలీవర్ కూడా తన పానీయాల వర్గానికి పేరు మార్చుకుంది. హార్లిక్సు అంటే ఆరోగ్యమని తరతరాలుగా నమ్మిన తల్లులు, సీసా వెనక చక్కెర ఎంతుందో చదవడం మొదలుపెడితే? ఇందుకే కొన్న పేరును పట్టీలో రాసి ఊరుకోరు. గడువు లేని ఆస్తిగా చూపిన పేరును ఏటా పరీక్షించి, రాబడి తగ్గేట్టుంటే విలువ తగ్గించి రాయాలని నియమం. ఒకసారి కట్టిన ఖరీదు శాశ్వతం కాదన్నమాట.

మనలో ఎంతోమంది ఇళ్లల్లోనూ, పొదుపు సంఘాల్లోనూ పచ్చళ్లు, పిండివంటలు, చీరల అద్దకం చేసి ఒక పేరుతో అమ్ముతున్నారు. ఎవరైనా వచ్చి “మీ సరుకంతా మేమే కొంటాం, మా లేబులు వేసుకుంటాం” అంటే, మీ పేరుకు అమ్మకం సున్నా అవుతోందని గమనించండి. “మీ పేరు మాకిచ్చేయండి, యంత్రాల ఖరీదు ఇస్తాం” అంటే, పైన చెప్పిన నాలుగు మెట్లూ కాగితం మీద ఎక్కి చూడండి. ఆ లెక్క వేయాలంటే మీ దగ్గర రెండు కాగితాలుండాలి. ఒకటి, ఆ పేరుతో ఏ ఏడు ఎంత అమ్మారన్న పుస్తకం. రెండోది, ఆ పేరు ఎవరిదని చెప్పే రిజిస్ట్రేషను. ట్రేడ్ మార్కు రిజిస్ట్రేషను పదేళ్లకొకసారి మళ్లీ కొత్త చేయించుకోవాలి. అది భర్త పేరనో, మధ్యవర్తి పేరనో, సంఘం పేరనో ముందే చూసుకోండి. హార్లిక్సు పేరు ఫ్యాక్టరీ నడిపే కంపెనీది కాకుండా మరొకరిది కాబట్టే కదా, 3,045 కోట్లు ఆ మరొకరికి వెళ్లాయి!

తోడికోడళ్ల తగవు ఏమైందంటారా? ఆ లెక్క చూపిస్తే పెద్దావిడ వాదన ఒకటి, చిన్నావిడ వాదన ఒకటి ఉంటాయి. ఒకరు 19 లక్షలంటారు, ఒకరు 47 అంటారు. మధ్యలో ఎక్కడో కుదురుతుంది. కాని సున్నా దగ్గర మాత్రం కుదరదు. పేరుకు సరైన ఖరీదు ఇదేనని ఏ లెక్కా గట్టిగా చెప్పలేకపోవచ్చు. సున్నా అన్నవాడి మాట తప్పని మాత్రం చెప్పగలదు.